చేనుకి రోజుల లెక్క, వీధికి నిమిషాల లెక్క

గోదావరి డెల్టాలో మురుగు లెక్క ముందునుంచీ వరి చేనును చూసి వేసిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్లు పారాక, మిగులు నీరు, వాన నీరు సముద్రానికి చేరే దారి కావాల్సొచ్చింది. వరి ఒకటి రెండు రోజులు మునిగినా తట్టుకుంటుంది కాబట్టి, ఎన్ని రోజుల వాన ఎన్ని రోజుల్లో దిగాలన్నదే అక్కడి ప్రశ్న. అవే చేలు ప్లాట్లయి భీమవరం లాంటి ఊళ్లు వాటి మీదికి పెరిగాక ఆ లెక్క పనికిరాదు, ఇంట్లోకి నీళ్లు రావడానికి అరగంట వాన చాలు.

నిమిషాల లెక్క వేరే చోట పుట్టింది. అమెరికాలోని రోచెస్టర్‌లో ఎమిల్ క్యూక్లింగ్ 1889లో, వాడలో అన్నిటికంటే దూరాన పడిన చినుకు డ్రెయిన్ చివరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కురిసే వానకే డ్రెయిన్ కట్టాలన్నాడు. ఆ వాన తీవ్రత చెప్పేదే ఐడీఎఫ్ కర్వ్, అంటే వాన తీవ్రత, వ్యవధి, ఎన్నేళ్లకోసారి వస్తుందన్నది కలిపి చూపే గీత. వాన వ్యవధి తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. రెండేళ్లకోసారి, ఐదేళ్లకోసారి వచ్చే వానలకి విడివిడి గీతలుంటాయి.

20 హెక్టార్ల పేట ఒకటి తీసుకుందాం. రెండేళ్లకోసారి వచ్చే 24 గంటల వాన 120 మిల్లీమీటర్లు అనుకుందాం. మన దగ్గర చాలా చోట్ల పొద్దున ఎనిమిదిన్నరకి కొలిచిన రోజువారీ అంకె ఒక్కటే దొరుకుతుంది, అందుకే ఇంజినీర్లు ఘనమూల సూత్రంతో దాన్ని చిన్న వ్యవధికి దించుతారు:

```
P(t) = P24 × (t/24)^(1/3)
Q = C × i × A / 360
```

ఇక్కడ P24 అంటే 24 గంటల వాన, t గంటల్లో వ్యవధి, P(t) ఆ వ్యవధిలో పడే వాన, దాన్ని t తో భాగిస్తే వచ్చే గంటకి మి.మీ. తీవ్రతే i, A హెక్టార్లలో విస్తీర్ణం, C పడిన వానలో పారిపోయే భాగం, Q సెకనుకి ఘనమీటర్లలో ప్రవాహం. సగం ఖాళీ స్థలాలున్నప్పుడు నీరు చేరడానికి 20 నిమిషాలు, C 0.4. తీవ్రత గంటకి 87 మి.మీ., ప్రవాహం సెకనుకి 1.9 ఘనమీటర్లు. ఇళ్లు, సిమెంటు రోడ్లు నిండాక C 0.7 అవుతుంది, నీరు 15 నిమిషాల్లోనే చేరుతుంది, దాంతో కర్వ్ మీద ఎడమకి జరిగి తీవ్రత 105కి ఎక్కుతుంది, ప్రవాహం 4.1! వాన మారలేదు, పేట మారింది. C ఒక్కటి మార్చి వ్యవధిని పాతదే ఉంచేస్తే వచ్చేది 3.4, డ్రెయిన్ దాదాపు ఆరో వంతు చిన్నదవుతుంది. చాలా లెక్కల్లో జారేది ఇక్కడే.

ఘనమూల సూత్రాన్నీ గుడ్డిగా నమ్మలేం. తుపాను వాన రోజంతా నిలకడగా పడొచ్చు, వేసవి ఉరుముల వాన గంటలో అయిపోవచ్చు, రోజు అంకె రెంటికీ ఒకటే. దగ్గర్లో ఆటోమేటిక్ వర్షమాపకం ఉంటే దాని పదిహేను నిమిషాల రికార్డుతో సరిచూడాలి.

ఇంకో తిప్పలు నేలది. వాలు లేని చోట సెకనుకి మీటరు వేగం రావడమే గొప్ప, అంటే 4.1కి రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకి పైగా లోతు కావాలి. అంత లోతు తవ్వితే అడుగు యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్ వరద మట్టం కంటే కిందికి పోతుంది, నీరు వెనక్కి తన్నుతుంది. ఆ సంగతి కర్వ్ చెప్పదు. అందుకని ముందు కలిసే చోట వరద మట్టం, పోటు మట్టం తీసుకుని, అక్కడినుంచి పైకి లెక్క కట్టుకుంటూ రావాలి. కుదరకపోతే తలుపు తూము, పంపు, నీరు కాసేపు ఆగే చెరువు ఈ మూడే మార్గాలు.