పెళ్లి ఫోటోల ఆన్‌లైన్ గ్యాలరీ: అపోహలు - వాస్తవాలు

పెళ్లయిన కొన్ని వారాలకు ఫోటోగ్రాఫర్లమైన మేం ఆ ఇంటివాళ్లకు ఒక లింకు, ఒక పాస్‌వర్డ్ పంపుతాం. లోపల ప్రూఫులు, అంటే చూసి ఎంచుకోవడానికి పెట్టిన చిన్న సైజు ఫోటోలు ఉంటాయి. ఆల్బమ్‌కు కావలసినవి వాళ్లు అక్కడే ఎంచుకుంటారు, గోడకు పెట్టుకునే ప్రింట్లూ అక్కడే ఆర్డర్ చేస్తారు. ఫోటోలు తీయడం అయిపోయాక జరిగే పనే కదా అని ఈ దశను రెండు వైపులా తేలిగ్గా తీసుకుంటారు. ఆల్బమ్ చెడేది మాత్రం ఎక్కువగా ఇక్కడే.

అపోహ: పాస్‌వర్డ్ పెట్టారు కాబట్టి బయటివాళ్లు చూడలేరు

తాళం దేనికి వేశారన్నది చూడాలి. చాలా సైట్లలో పాస్‌వర్డ్ పేజీకే ఉంటుంది, ఫోటోలకు ఉండదు. ఉదాహరణకు వర్డ్‌ప్రెస్‌లో ఒక పేజీకి పాస్‌వర్డ్ పెడితే పేజీలోని విషయం దాగుతుంది. కానీ ఫోటో ఫైళ్లు `wp-content/uploads` ఫోల్డర్‌లో మామూలుగానే ఉంటాయి. ఒక ఫోటో చిరునామా దొరికినవాళ్లకు పాస్‌వర్డ్‌తో పనే లేదు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. కంప్యూటర్‌లో గ్యాలరీ తెరిచి, ఒక ఫోటో మీద కుడి క్లిక్ చేసి, దాని చిరునామా కాపీ చేసుకోండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అక్కడ పేస్ట్ చేయండి. ఫోటో కనిపించిందంటే అనుమానించాలి. వెంటనే తీర్పు ఇవ్వకండి, ఎందుకంటే మంచి గ్యాలరీలు ఫోటోకు గడువున్న చిరునామా ఇస్తాయి, ఆ గడువులోపు అది తెరుచుకుంటుంది. మర్నాడు అదే చిరునామా మళ్లీ వేసి చూడండి. అప్పుడూ ఫోటో వస్తే తాళం పేజీకే ఉందన్నమాట. ఫోటోగ్రాఫర్‌కు చెప్పి సరిచేయించుకోండి. కుడి క్లిక్ పనిచేయకుండా చేయడం రక్షణ కాదు, స్క్రీన్‌షాట్‌ను అది ఆపలేదు.

సైటు ఎంత గట్టిదైనా, లింకూ పాస్‌వర్డూ ఒకే మెసేజ్‌లో పెట్టి బంధువుల వాట్సాప్ గ్రూపులో వేస్తే తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు. అందుకే నేను రెండు వేరువేరుగా ఇస్తాను: చూడటానికి ఒక పాస్‌వర్డ్, డౌన్‌లోడ్‌కు వేరే పిన్. ఆ పిన్ వధూవరులకు మాత్రమే. పెళ్లికూతురు ముస్తాబయ్యేటప్పటి ఫోటోలు అందరికీ వెళ్లే గ్యాలరీలో పెట్టను, అవి విడిగా ఒక సెట్‌లో ఉంటాయి. సెలక్షన్ పూర్తయ్యాక పాస్‌వర్డ్ మార్చేస్తాను.

ఇక్కడే తోటి ఫోటోగ్రాఫర్లకు ఒక మాట. తీసింది మనం కాబట్టి హక్కులు మనవే అనుకుంటాం. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. క్లయింటు గ్యాలరీ నుంచి ఒక ఫోటో తీసి మన పేజీలో పెట్టుకోవాలంటే, ఆ అనుమతి ముందే ఒప్పందంలో రాసి ఉండాలి.

అపోహ: నచ్చిన ఫోటోల నంబర్లు వాట్సాప్‌లో పంపిస్తే చాలు

పెళ్లిలో కనీసం ఇద్దరు తీస్తారు. కెమెరా ఫైళ్లకు `IMG_4127` లాంటి పేర్లు పెడుతుంది, 9999 దాటగానే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రెండూ ఒకే కంపెనీ కెమెరాలైతే ఒకే పెళ్లిలో రెండు `IMG_4127`లు రావచ్చు. ఒకటి తలంబ్రాలది, మరొకటి భోజనాల దగ్గరిది. "4127 పెట్టండి" అంటే ఏది పెట్టాలి?

కాబట్టి ఎక్కించే ముందే రెండు కెమెరాల గడియారాలు సరిచూసి, అన్నింటినీ సమయం ప్రకారం ఒకే వరుసలో పెట్టి, `0001` నుంచి కొత్త పేర్లివ్వాలి. మీరు గ్యాలరీలో గుండె గుర్తు నొక్కిన ఫోటోల పేర్లు నాకు జాబితాగా వస్తాయి. దాన్ని మేం ఫోటోలు సవరించే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు పేరుతో వెతికే చోట పేస్ట్ చేస్తే సరిగ్గా ఆ ఫోటోలే బయటికొస్తాయి. ముందు సున్నాలు ఉంచడానికి కారణం ఉంది. "127" అని వెతికితే 1127, 2127 కూడా వచ్చి చేరతాయి, "0127" అంటే ఒక్కటే వస్తుంది. చేత్తో రాసిన నంబర్ల జాబితాలో ఈ భద్రత ఉండదు.

సెలక్షన్ ఎవరు చేయాలన్నది ఇంకా పెద్ద సమస్య. ముప్పై షీట్ల 12×36 అంగుళాల ఆల్బమ్ అనుకుందాం. షీటుకు నాలుగైదు ఫోటోలు వేసుకుంటే 120 నుంచి 150 పడతాయి. ఇటువాళ్లు మూడొందలు, అటువాళ్లు మూడొందలు ఎంచితే డిజైనర్ ఒక్కో షీటులో ఇరవై కుక్కాల్సి వస్తుంది, ఏ ముఖమూ కనపడదు. అందరూ ఒకే ఈమెయిల్‌తో లోపలికెళితే ఎవరు ఏది ఎంచారో కూడా తెలియదు. ఒక్కొక్కరూ తమ ఈమెయిల్‌తో వెళ్లి విడి జాబితా చేసుకోవాలి. చివరి జాబితా ఖరారు చేసేది మాత్రం ఒక్కరే ఉండాలి. ముందుగా షీట్లు పంచుకోండి: జీలకర్ర-బెల్లానికి రెండు, మాంగల్యధారణకు మూడు, తలంబ్రాలకు మూడు, అప్పగింతలకు రెండు, ఇలా. తర్వాత ఎంచడం సగం తేలికవుతుంది. తాళి కట్టే ఫోటో ఒక్కటే షీటంతా రావాలంటే అదీ అప్పుడే చెప్పాలి.

అపోహ: ప్రూఫు డౌన్‌లోడ్ చేసి బయట ప్రింట్ వేయించుకోవచ్చు

ప్రూఫు ఎంచుకోవడానికి పెట్టింది, ప్రింటుకు కాదు. నా గ్యాలరీలో ప్రూఫు పొడవు 2048 పిక్సెల్స్. నాణ్యమైన ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కేస్తే ఇది ఏడంగుళాలకు కూడా చాలదు. 12×18 ప్రింటుకు 5400×3600 కావాలి. ఫోన్ తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి, గోడ మీద మాత్రం తేడా తెలుస్తుంది. పైగా ప్రూఫులో రంగుల సవరణ పూర్తయి ఉండదు.

అపోహ: ఏ సైజు ఆర్డర్ చేసినా ఫోటో మొత్తం వస్తుంది

మా కెమెరాల్లో ఎక్కువవాటి ఫోటో నిష్పత్తి 3:2. అంటే 4×6, 8×12, 12×18, 16×24 సైజుల్లో ఫోటో మొత్తం పడుతుంది. 8×10 అలా కాదు. పన్నెండు అంగుళాల వెడల్పు పదికి తగ్గాలి కాబట్టి చెరో పక్కా ఒక అంగుళం పోతుంది.

మండపం మీద పద్నాలుగు మంది వరసగా నిలబడిన గ్రూప్ ఫోటో తీసుకోండి, అంచు నుంచి అంచు వరకు నిండుగా. 8×12లో ఒక్కో మనిషికి దాదాపు 0.86 అంగుళం వస్తుంది. చెరో అంగుళం కోస్తే ఈ చివర పెద్దనాన్న, ఆ చివర మేనత్త పూర్తిగా పోతారు. ఆర్డర్ పేజీలో కత్తిరింపు చూపే చట్రాన్ని పక్కకు జరపవచ్చు గానీ, ఒకవైపు కాపాడితే రెండోవైపు ఇద్దరు పోతారు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 8×12 ఆర్డర్ చేసి ఫ్రేమ్ కూడా ఆ సైజే తీసుకోవడం. రెండోది, ఇంట్లో ఇప్పటికే 8×10 ఫ్రేమ్ ఉంటే తెల్ల అంచుతో వేయించుకోవడం. అప్పుడు ఫోటో 10×6.67 అంగుళాలు వస్తుంది, పైనా కిందా 0.67 చొప్పున తెల్ల పట్టీ ఉంటుంది. మనుషులు కొంచెం చిన్నగా కనిపిస్తారు, కానీ అందరూ ఉంటారు. ఏ దారైనా, ఫ్రేమ్ అంచు నాలుగు వైపులా కొంత ఫోటోను కప్పేస్తుందని గుర్తుంచుకుని, ఆర్డర్ నొక్కేముందు కత్తిరింపు చట్రంలో రెండు చివరల ముఖాలూ చూసుకోండి.