పిల్లవాడికి చలి, ఈతగాడికి హాయి: కొలను నీటి ఉష్ణోగ్రత, చన్నీటి షాక్

నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్ళలో ఈత కొలనులు ఎక్కువగా ఆరుబయట ఉండేవే. నీటిని వేడి చేసే ఏర్పాటు వాటికి సాధారణంగా ఉండదు కాబట్టి ఆ నీటి ఉష్ణోగ్రత ఋతువును బట్టి మారుతూ ఉంటుంది. ధనుర్మాసంలో రాత్రి చలి 20 డిగ్రీల దరికి దిగిన రోజుల్లో, ఉదయం ఆరున్నర గంటలకు కొలను నీరు 24 డిగ్రీల వద్ద ఉండటం వింతేమీ కాదు. అదే కొలను రోహిణి కార్తెలో సాయంత్రానికి 32 డిగ్రీలకు చేరవచ్చు. గాలిలో అయితే ఈ 8 డిగ్రీల తేడాను ఒక దుప్పటితోనో ఒక పంకాతోనో సరిపెట్టుకుంటాం. నీటిలో మాత్రం ఈ తేడాను బట్టే ఎవరు దిగవచ్చు, ఎంతసేపు ఉండవచ్చు అన్నది తేలుతుంది.

నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని తనలోకి లాగుతుంది. 24 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండా కూర్చున్న మనిషికి హాయిగా ఉంటుంది. 24 డిగ్రీల నీటిలో కదలకుండా నిలబడితే కొద్ది నిమిషాలకే వణుకు మొదలవుతుంది. ఊరక ఉన్న పెద్దవాళ్ళ శరీరం వేడి పోగొట్టుకోకుండా, వేడెక్కకుండా సమంగా ఉండాలంటే నీరు సుమారు 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే చల్లని నీటిలో ఉన్న ప్రతివాడూ వేడిని నష్టపోతూనే ఉంటాడు. ఆ నష్టాన్ని పూడ్చేంత వేడిని అతని కండరాలు పుట్టిస్తున్నాయా లేదా అన్నదే ప్రశ్న.

ఆ ధనుర్మాసపు ఉదయాన 24 డిగ్రీల కొలనులోకి ఇద్దరు దిగారనుకుందాం. ఒకరు 68 కిలోల బరువు, 170 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, 40 నిమిషాలు ఆగకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదే పెద్దాయన. రెండోది 18 కిలోల బరువు, 110 సెంటీమీటర్ల ఎత్తున్న అయిదేళ్ళ పాప. పెద్దాయన చర్మ వైశాల్యం సుమారు 1.8 చదరపు మీటర్లు, పాపది 0.74. బరువుతో భాగిస్తే పాపకు ప్రతి కిలోకూ ఉన్న చర్మం పెద్దాయన కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. చిన్న గ్లాసులోని టీ చెంబులోని టీ కంటే ముందుగా చల్లారినట్లే, చిన్న ఒళ్ళు పెద్ద ఒంటి కంటే త్వరగా చల్లబడుతుంది. పైగా చర్మం కింద వేడిని ఆపే కొవ్వు పొర చాలామంది పిల్లల్లో పలుచగా ఉంటుంది.

ఇక వేడి పుట్టుక సంగతి. ఊరక ఉన్నప్పుడు పాప శరీరం సుమారు 45 వాట్ల వేడిని పుట్టిస్తుంది. ఈదుతున్న పెద్దాయన శరీరం 500 వాట్లకు పైగా పుట్టిస్తుంది, ఎందుకంటే ఈతలో ఖర్చయ్యే శక్తిలో అతి కొద్ది భాగమే ముందుకు కదలడానికి ఉపయోగపడుతుంది, మిగిలినదంతా వేడిగానే మారుతుంది. ఈత నేర్చుకునే పాప నిజానికి ఎక్కువసేపు ఈదదు. గట్టు పట్టుకుని, భుజాల దాకా నీటిలో మునిగి, తన వంతు కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. ఆ సమయంలో ఆమె పుట్టించే వేడి కంటే పోగొట్టుకునే వేడి 50 వాట్లు ఎక్కువగా ఉందనుకోండి. 18 కిలోల శరీరం ఒక డిగ్రీ చల్లబడటానికి సుమారు 63 కిలోజౌళ్ళ వేడి పోతే చాలు. 50 వాట్ల చొప్పున అది 21 నిమిషాల్లో పోతుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తాయి, వణుకు కొంత వేడిని పుట్టిస్తుంది కాబట్టి అసలు సమయం కొంత అటూ ఇటూ కావచ్చు. అయినా గంటసేపు సాగే శిక్షణ తరగతిలో మొదటి మూడో వంతు గడిచేసరికే ఆ పాప నిజంగా చలిలో ఉందని ఈ లెక్క చెబుతుంది. అదే సమయంలో పెద్దాయనకు ఒళ్ళు అప్పుడప్పుడే వేడెక్కి హాయిగా ఉంటుంది, అందువల్ల "నీళ్ళు బాగానే ఉన్నాయే, పిల్లకు అలవాటు లేదంతే" అనే మాట ఆయన నోట సహజంగా వస్తుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు, తన ఒంటికి తెలిసినదే చెబుతున్నాడు. కానీ పిల్ల చలిని పెద్దవాళ్ళ ఒంటితో కొలవడం తప్పు.

అందుకే పోటీ ఈతకు ప్రపంచ ఈత సమాఖ్య నియమాలు 25 నుంచి 28 డిగ్రీల నీటిని కోరుతుంటే, ఈత నేర్చుకునే చిన్నపిల్లలకు 29 నుంచి 32 డిగ్రీల నీరు తగినదిగా శిక్షకులు భావిస్తారు. ఏడాది కూడా నిండని పసిపిల్లలకు 32 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న నీరే మంచిది. మన జిల్లాల్లో ఈ లెక్కన ఫిబ్రవరి ఆఖరు నుంచి అక్టోబరు దాకా పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం పిల్లల తరగతిని తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం మూడింటికి మార్చితే ఎండ వల్ల నీరు ఒకటి రెండు డిగ్రీలైనా పెరుగుతుంది. అది కుదరనప్పుడు నీటిలో ఉంచే సమయాన్ని 20 నిమిషాలకు కుదించాలి. వంతు కోసం ఎదురుచూసే పిల్లలను నీటిలో కాకుండా గట్టున తువ్వాలు కప్పి కూర్చోబెట్టాలి. తడి ఒంటి మీద ఈశాన్యపు గాలి తగిలితే నీరు ఆవిరవుతూ మరింత వేడిని తీసుకుపోతుంది కాబట్టి ఆ తువ్వాలు తప్పనిసరి.

చలి పట్టిందని పిల్లలు చాలాసార్లు నోటితో చెప్పరు, ఆట వదులుకోవడం ఇష్టం ఉండదు. పెదవులు, గోళ్ళు నీలంగా మారడం, పళ్ళు కటకటలాడటం, చేతులు ఒంటికి అదిమి పెట్టుకోవడం మొదటి గుర్తులు. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న పిల్ల మౌనం కావడం, చెప్పినది వెంటనే అందుకోలేకపోవడం ఆ తర్వాతి గుర్తులు, ఇవి మొదటివాటి కంటే ఆందోళనకరమైనవి. వణుకు తనంతట తాను ఆగిపోయి పిల్ల మత్తుగా ఉంటే, చలి తగ్గిందని కాదు, శరీరం ఓడిపోతోందని అర్థం; అప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నీటి ఉష్ణోగ్రత కొలిచేటప్పుడు థర్మామీటరును నీటి పైపొరలో తేలనివ్వకుండా మోచేతి లోతుకు దింపి, నీరు వచ్చే గొట్టానికి దూరంగా, రెండు మూడు నిమిషాలు ఉంచి చదవాలి. మధ్యాహ్నం పైపొర వెచ్చగా ఉండి లోతు వైపు చల్లగా ఉండటం మామూలే.

పెద్దవాళ్ళ కష్టం ఎండాకాలంలో మొదలవుతుంది. 32 డిగ్రీల నీటిలో పాప కేరింతలు కొడుతుంటే, ఆగకుండా ఈదే మనిషి తన 500 వాట్లను వదిలించుకోలేక సతమతమవుతాడు. నీటిలో చెమట ఆవిరి కాదు కాబట్టి గట్టు మీద పనిచేసే ఆ ఉపాయం అక్కడ పనికిరాదు. చెమట పట్టడం మాత్రం ఆగదు, ఒంట్లో నీరు తరుగుతూనే ఉంటుంది. తల బరువెక్కడం, కడుపులో వికారం, ఉన్నట్టుండి చేతులు పట్టు తప్పడం దీని లక్షణాలు. 2010 అక్టోబరులో అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల సముద్రపు ఈత పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ వెచ్చని నీటిలో ఈదుతూ మరణించాడు. ఆ తర్వాత సముద్ర పోటీలకు 31 డిగ్రీలను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించారు. మే నెలలో నెల్లూరు కొలనులో దూరాలు ఈదేవారు సూర్యోదయానికి ముందే దిగడం, నీరు 31 దాటిన రోజున దూరం తగ్గించడం మంచిది.

ఇంతవరకు చెప్పిన చలి నెమ్మదిగా పట్టేది. చన్నీటి షాక్ వేరు, అది నిమిషంలోపే జరుగుతుంది. దానికి లోపలి శరీరం చల్లబడనవసరం లేదు, చర్మం ఒక్కసారిగా చల్లబడితే చాలు. చర్మంలోని చలి నాడులు ఒక్కుమ్మడిగా స్పందించగానే మనిషి తన ప్రమేయం లేకుండా రెండు మూడు లీటర్ల గాలిని ఒక్కసారి ఎగపీలుస్తాడు. ఆ క్షణాన ముఖం నీటిలో ఉంటే గాలికి బదులు నీరే లోపలికి పోతుంది. వెనువెంటనే అదుపులేని ఆయాసం వస్తుంది. మామూలుగా నిమిషం ఊపిరి బిగబట్టగలవాడు పది సెకన్లైనా పట్టలేడు. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. పైగా ముఖం తడిసినప్పుడు గుండెను నెమ్మదింపజేసే మరొక ప్రతిచర్య మొదలవుతుంది. వేగం పెంచే నాడులు, తగ్గించే నాడులు ఒకేసారి పనిచేస్తే గుండె లయ తప్పవచ్చు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనల వల్ల ఈ సంగతులు స్పష్టమయ్యాయి. ఈ ప్రతిచర్య సుమారు 25 డిగ్రీల కంటే తక్కువ నీటిలో మొదలై, 10 నుంచి 15 డిగ్రీల మధ్య పూర్తి తీవ్రతకు చేరుతుంది. మొదటి అర నిమిషంలో అది పతాక స్థాయిలో ఉండి, ఒకటిన్నర నుంచి మూడు నిమిషాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది.

మన కొలనుల్లో, బావుల్లో, చీమకుర్తి చుట్టుపక్కల నీరు నిండిన గ్రానైటు గుంతల్లో 15 డిగ్రీల నీరు ఉండదు. అందువల్ల అక్కడి మునకలన్నిటికీ చన్నీటి షాక్‌ను కారణంగా చెప్పడం సరికాదు. ఎక్కడానికి పట్టులేని నిట్టనిలువు గోడలు, అంతుపట్టని లోతు అక్కడి అసలు ప్రమాదాలు. అయినా చలికాలపు ఉదయాన 23, 24 డిగ్రీల నీటిలోకి తలకిందులుగా దూకినప్పుడు ఒక చిన్న ఎగశ్వాస వచ్చినా నీరు పొలమారుతుంది. ఈత రాని పిల్లవాడికి ఆ ఒక్క పొలమారుడే చాలు. కాళ్ళు ముందు, తర్వాత చేతులు, మెడ, ముఖం తడుపుకుని, ఊపిరి నిలకడగా ఉందని తెలిశాకే తల ముంచడం దీనికి సరైన పద్ధతి. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళకు ఇది మరీ అవసరం.

అసలైన చన్నీటి షాక్ మనవాళ్ళకు ఎదురయ్యేది ఊరు దాటాకే. పెన్నా కాలువల్లో, మైపాడు తీరంలో, 28 డిగ్రీల నీటిలో ఈత నేర్చిన కుర్రవాడు పై చదువులకు బ్రిటన్ వెళ్ళి, ఏప్రిల్‌లో ఎండ కాసిన రోజున ఒక సరస్సు ఒడ్డున నిలబడతాడు. గాలి 18 డిగ్రీలు, ఆకాశం నిర్మలం, కానీ శీతాకాలమంతా చల్లారిన ఆ నీరు ఇంకా 10 డిగ్రీల లోపే ఉంటుంది. అతనికి ఈత బాగా వచ్చు, కానీ ఊపిరి అదుపులో ఉన్నప్పుడే ఆ ఈత పనికి వస్తుంది. అటువంటి నీటిలో మూడేసి నిమిషాల చొప్పున అయిదారుసార్లు దిగిన వారిలో ఈ ప్రతిచర్య దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ అలవాటు నెలల తరబడి కొంత నిలుస్తుంది. అతనికి ఆ అలవాటు లేదు. పొరపాటున నీటిలో పడితే, ఒడ్డు పది గజాల దూరంలో ఉన్నా వెంటనే ఈదడానికి ప్రయత్నించకూడదు. వెల్లకిలా తిరిగి, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, నోరు ముక్కు నీటి పైన ఉంచి, చేతులు మెల్లగా ఆడిస్తూ తేలాలి. నిమిషం, నిమిషంన్నరకు ఆయాసం తగ్గుతుంది. అక్కడి నుంచి చేతివేళ్ళు, భుజాలు మొద్దుబారడానికి సుమారు పది నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ పది నిమిషాల్లోనే ఒడ్డు చేరాలి, లేదా తేలే వస్తువు దేన్నైనా పట్టుకుని కేకలు వేయాలి.