చేప ముక్క పెనాన్ని ఎప్పుడు వదులుతుంది?

మొన్న పాలకొల్లులో పిన్ని వాళ్ళింటికి వెళ్తే రెండు కిలోల శీలావతి తెప్పించింది. వేపుడు ముక్కలు కొట్టించి, ఉప్పూ కారం పట్టించి, పెనం మీద వేసి తిరగేయబోతే సగం ముక్క అట్లకాడ మీదకి వచ్చింది, సగం పెనానికే ఉండిపోయింది. "ఒరేయ్, ఇంత చదువుకున్నావు కదా, ఇది ఎందుకు అంటుకుంటుందో చెప్పు, లేదంటే నాన్‌స్టిక్ కొనెయ్యమంటావా?" అంది. నాన్‌స్టిక్ అక్కర్లేదు పిన్నీ, దీని వెనక ఉన్న దొంగ నీళ్ళు అన్నాను. అప్పటినుంచీ ఈ నీళ్ళ లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు.

అట్టు వేసేవాళ్ళకి సగం విషయం ముందే తెలుసు. పిండి పోసిన అరనిమిషానికే అట్లకాడ పెడితే ముద్దయిపోతుంది. అదే అడుగు ఆరి ఎర్రబడేదాకా ఆగితే అంచు తనంతట తనే పైకి లేస్తుంది. పెనం అదే, నూనె అదే, మారిందల్లా అడుగున ఉన్న తడి. చేపలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే పిండి బదులు ప్రోటీన్. వేడి తగలగానే చేప ప్రోటీన్ల చుట్టలు విప్పుకుంటాయి, తడిగా, జిగురుగా ఉన్న ఆ పోగులు ఇనుముని పట్టుకుంటాయి. ఆ పొరలో తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చిన వేడినంతా నీళ్ళు ఆవిరవడానికి వాడేసుకుంటాయి. ఎర్రగా వేగడం బాగా మొదలవ్వాలంటే 140 డిగ్రీల దాకా పోవాలి. తడి పోయాక ఆ పొర గట్టిపడి, కొంచెం ముడుచుకుని, కిందకి నూనె దూరే సందు ఇస్తుంది. ముక్క పెనాన్ని వదిలేది అప్పుడే. తొందరపడి ముందే గీకితే పట్టు విడదు, మాంసమే చిరుగుతుంది.

ఇప్పుడు పిన్ని పెనం మీద లెక్క వేద్దాం. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 70 కేలరీలు చాలు. ఆ మరిగే గ్రామునే ఆవిరి చెయ్యాలంటే ఇంకో 540 కావాలి, అంటే దాదాపు ఎనిమిది రెట్లు. బాష్పీభవన గుప్తోష్ణం అని బడిలో బట్టీ పట్టించేది ఇదే. ఆ పాఠం పెనం ముందు చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. నాలుగు ముక్కలు వేశారు, ఒక్కోదాని మీద రెండేసి గ్రాముల తడి ఉందనుకోండి. ఎనిమిది గ్రాములకి సుమారు 4,900 కేలరీలు. పెనంలో నాలుగు పెద్ద చెంచాల నూనె, అంటే 55 గ్రాములు, 180 డిగ్రీల వేడిలో ఉంది. అది 100కి చల్లారేదాకా తన వేడంతా ఇచ్చేసినా 2,200 దాటదు. తడిలో సగాన్ని కూడా నూనె ఒక్కటే తరమలేదన్నమాట! మిగతాది పెనం ఇవ్వాలి. కిలోన్నర ఇనప పెనం అదే చల్లారుడులో 13,000 దాకా ఇవ్వగలదు. పల్చటి 300 గ్రాముల అల్యూమినియం పెనం 5,000 ఇస్తుంది, పైగా ముక్కల్ని వేడెక్కించే ఖర్చు వేరే ఉంది కదా. స్టవ్ ఎంత మండినా మొదటి నిమిషంలో అది నీరసపడిపోతుంది, ముక్క వేగడం మానేసి ఉడుకుతుంది, జిగురు పట్టేస్తుంది. అదే ముక్కని గుడ్డతో తుడిచి తడిని అరగ్రాముకి తెస్తే మొత్తం ఖర్చు 1,200 మాత్రమే, నూనె ఒక్కటే భరించేస్తుంది.

అందుకే మసాలా పట్టించే పద్ధతి మార్చాలి. ఉప్పు చేపలోంచి నీళ్ళు లాగుతుంది, గిన్నె అడుగున పావుగంటకే కనిపిస్తాయి. ముందు ఉప్పూ పసుపూ రాసి పదిహేను నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, ముక్కల్ని రెండు వైపులా, ముఖ్యంగా ముల్లు చుట్టూ ఒత్తి తుడవండి. తర్వాత కారం, ధనియాల పొడి నీళ్ళతో కాకుండా చెంచా నూనెతో కలిపి పట్టించి, వేసేముందు పల్చగా బియ్యప్పిండి అద్దితే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద తక్కువ పెట్టండి, అందులో నీళ్ళూ ఎక్కువే, మాడేదీ అదే. (పెరుగు పట్టిస్తే బొల్లి వస్తుందని పిన్ని భయం. బొల్లి చర్మంలో రంగు చేసే కణాలు పోవడం వల్ల వస్తుంది, చేపా పెరుగూ కలిపి తినడం వల్ల రాదు. ఇక్కడ పెరుగు వద్దనేది తడి గురించే.)

ఇక విరగడం. చేప పొడవునా సాగే పోగుల్ని అడ్డంగా కోస్తే వచ్చేదే వేపుడు ముక్క. అంటే పెనం మీద ముక్క వరి మోపులా నిలబడి ఉంటుంది, పోగుల చివర్లు పెనానికి తగులుతూ, చుట్టూ చర్మం మోపు కట్టిన తాడులా, నడుమ ముల్లు గుంజలా. పోగుల కట్టల మధ్య అతుకుగా ఉండే కొల్లాజెన్ పొర చేపలో తక్కువ, పైగా మేక మాంసంలో కంటే చాలా ముందే, 50 డిగ్రీలు దాటగానే కరిగిపోవడం మొదలుపెడుతుంది. ఉడికిన చేప పొరలు పొరలుగా ఊడేది అందుకే. సరిగ్గా ఉడికిన క్షణంలోనే ముక్క అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. కాబట్టి చర్మం తీయించొద్దు, ఒకే ఒక్కసారి తిప్పండి, మొదటి వైపు గట్టి పొరని కట్టనివ్వండి. పొట్ట దగ్గర ముక్కల్లో తాడు తెగి రెండు రెక్కలు వేలాడుతుంటాయి, వాటిని తోక వైపు ముక్కల కంటే జాగ్రత్తగా తిప్పాలి.

పిన్ని కొట్టించిన ముక్క ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. నూనె పల్చబడి పెనంలో జారుతూ మెరవాలి, పొగ రాకముందే ముక్క మూల ముంచితే చుర్రుమని ఆగకుండా మోగాలి. వేసిన వెంటనే అట్లకాడతో అరనిమిషం మెల్లగా అదమండి, లేదంటే చర్మం వేడికి ముడుచుకుని ముక్కని గిన్నెలా వంచుతుంది. ఆ తర్వాత మధ్యస్థం మంట మీద నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. గడియారంతో పాటు ముక్క పక్క వైపు చూడండి, గాజులా ఉన్న మాంసం కింద నుంచి తెల్లబడుతూ పైకి ఎక్కుతుంది. ఆ గీత సగం దాటి, గట్టిగా మోగిన చుర్రు చిటపటలాడే సన్న చప్పుడుగా మారితే తిప్పే సమయం. పెనం కదిపితే ముక్క జారాలి. జారకపోతే ఇంకో నలభై సెకన్లు. పల్చటి అంచున్న అట్లకాడని ముల్లు కిందకి పూర్తిగా దూర్చి, రెండో చేత్తో గరిటె పైన ఆనించి తిప్పండి. రెండో వైపు మూడు నిమిషాలు. ముల్లు పక్కన కత్తి మొన గుచ్చితే ఎరుపూ గాజుతనం ఉండకూడదు, మాంసం ముల్లుని వదలాలి.

ముక్క ఒక సెంటీమీటరే అయితే మూడూ రెండూ నిమిషాలు చాలు. రెండున్నర సెంటీమీటర్లయితే మాత్రం లోపలికి వేడి చేరే సమయం మందంతో కాదు, దాదాపు మందం వర్గంతో పెరుగుతుంది. పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, అలాంటివి పులుసులోకి పంపేయండి.

మొదటి నాలుగూ తీశాక పిన్ని వెంటనే మిగతా నాలుగు వెయ్యబోతే ఆపాను. అడుగున రాలిన కారం, పిండి గీకి తీసేసి, చెంచా నూనె పోసి, ఒక నిమిషం ఆగాం. రెండో వాయిలో ఒక్క ముక్క కూడా పెనాన్ని పట్టుకోలేదు.