‘సరికానిది ఏది?’: అపోహలు, వాస్తవాలు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్, సివిల్స్ అభ్యర్థులకు పాలిటీ బోధిస్తున్న నాకు ప్రతి మాక్ టెస్ట్ తరువాత, ప్రతి ప్రాథమిక కీ విడుదలైన తరువాత ఒకే మాట వినిపిస్తుంది: ‘సార్, ఆ ప్రశ్న నాకు వచ్చు, కాని సరికానిది అని అడిగిన సంగతి గమనించలేదు.’ ఈ మాట వెనుక ఉన్న బాధ నిజమైనదే. చదివిన పాఠం నుంచే ప్రశ్న వచ్చి, జవాబు తెలిసి ఉండి కూడా మార్కు పోతే కలిగే దుఃఖం, తెలియని ప్రశ్న పోయినప్పుడు కలిగే దుఃఖం కన్నా చాలా పెద్దది. అయితే దానికి చెప్పుకునే కారణం మాత్రం చాలాసార్లు నిజం కాదు. కారణం తప్పుగా పట్టుకున్నందువల్లనే అదే పొరపాటు తరువాతి పరీక్షలో మళ్లీ జరుగుతోంది.

అపోహ: ప్రశ్నను జాగ్రత్తగా చదవకపోవడం వల్లనే ఈ మార్కులు పోతాయి. ‘కానిది’, ‘తప్ప’, ‘నాట్’, ‘ఎక్సెప్ట్’ అన్న మాటల కింద గీత గీస్తే సరిపోతుంది.

గీత గీయవలసిందే, అందులో సందేహం లేదు. కాని గీత గీసినవారు కూడా తప్పు పెడుతున్నారు. ఖమ్మం నుంచి వచ్చి చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి తన ప్రశ్నపత్రాన్ని నా దగ్గరకు తెచ్చినప్పుడు ఈ విషయం నాకు స్పష్టంగా కనిపించింది. ఆమె ప్రతి ‘సరికానిది’ కింద రెండేసి గీతలు గీసింది. అయినా అటువంటి ప్రశ్నలలో చాలావాటికి తప్పు జవాబులే గుర్తించింది. ఇద్దరం కూర్చుని ఆమె పెన్ను నడిచిన దారిని ఆప్షన్ వెంట ఆప్షన్ చూసుకుంటూ వెళ్లాము. ఆమె టిక్ గుర్తును రెండు అర్థాలలో వాడుతోంది. కొన్నిచోట్ల ఆ గుర్తుకు ‘ఈ వాక్యం నిజం’ అని అర్థం, మరికొన్నిచోట్ల ‘ఇదే నా జవాబు’ అని అర్థం. మామూలు ప్రశ్నలో ఈ రెండూ ఒకటే కాబట్టి ఇబ్బంది రాదు. సరికానిది అడిగిన ప్రశ్నలో అవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. నాలుగు వాక్యాలనూ తూచి, నిజమైన వాటికి టిక్ పెట్టి, ఓఎమ్మార్ షీట్ వైపు తిరిగేసరికి చేతికి గుర్తున్నది టిక్ మాత్రమే.

వాస్తవం ఇది: పొరపాటు ప్రశ్న చదివేటప్పుడు కాదు, ఆప్షన్లు చదివేటప్పుడు జరుగుతుంది. మొదటి ఆప్షన్ దగ్గర మనసులో ‘సరికానిది వెతకాలి’ అన్న సంగతి స్పష్టంగా ఉంటుంది. రెండు మూడు ఆప్షన్ల నిజానిజాలు తేల్చే శ్రమలో, ఏళ్ల తరబడి అలవాటైన ‘నిజమైనదాన్ని పట్టుకో’ అన్న ధోరణి తిరిగి వచ్చేస్తుంది. బాగా చదివినవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే తమకు బాగా తెలిసిన వాక్యం కనబడగానే చెయ్యి దానివైపు పోతుంది.

అందువల్ల ప్రశ్నను, ఆప్షన్లను రెండు వేర్వేరు పనులుగా విడదీయాలి. ముందు ప్రశ్న సంగతి పక్కన పెట్టి ప్రతి ఆప్షన్‌కూ ఎదురుగా ‘స’ అని గాని, ‘త’ అని గాని, తెలియకపోతే ప్రశ్నార్థకం గాని రాయాలి. టిక్ అసలు వాడకూడదు. నాలుగూ పూర్తయిన తరువాత మళ్లీ ప్రశ్న చివరి మాటను చదివి, అప్పుడు మాత్రమే జవాబు ఎంచుకోవాలి. ఒక్క ఆప్షన్ మాత్రమే సరికానిదిగా ఉండే ప్రశ్నలో మూడు ‘స’లు, ఒక ‘త’ రావాలి. ఈ లెక్క రాకపోతే ఎక్కడో తేడా ఉన్నదని పరీక్ష హాలులోనే తెలుస్తుంది, కీ వచ్చేదాకా ఆగనవసరం లేదు.

ఒక ఉదాహరణతో చూద్దాం. ద్రవ్య బిల్లుకు సంబంధించి కింది వాటిలో సరికానిది ఏది?

1. దానిని లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి.
2. రాజ్యసభ దానిని 14 రోజులలోగా తిరిగి పంపాలి.
3. ఒక బిల్లు ద్రవ్య బిల్లా, కాదా అన్న విషయంలో లోక్‌సభ స్పీకర్ నిర్ణయమే అంతిమం.
4. రాష్ట్రపతి దానిని పునఃపరిశీలనకు తిరిగి పంపవచ్చు.

మొదటి రెండూ 109వ అధికరణలో ఉన్నవే కాబట్టి వాటికి ‘స’ అని రాస్తాము. నాలుగోదానికి ‘త’, ఎందుకంటే 111వ అధికరణ పునఃపరిశీలనకు పంపే అధికారం నుంచి ద్రవ్య బిల్లును స్పష్టంగా మినహాయించింది. ఇక మూడోది. పాఠ్యపుస్తకం మాత్రమే చదివినవారు 110(3) అధికరణను గుర్తు చేసుకుని వెంటనే ‘స’ అని రాస్తారు, లెక్క కుదురుతుంది. తీర్పులు కూడా చదివినవారు ఇక్కడ ఆగిపోతారు. 2018 ఆధార్ తీర్పులో, స్పీకర్ నిర్ణయం కూడా కొన్ని పరిస్థితులలో న్యాయసమీక్షకు లోబడుతుందని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి వారికి తెలుసు. వారు మూడోదానికి కూడా ‘త’ అని రాస్తారు. రెండు ‘స’లు, రెండు ‘త’లు వస్తాయి. ఇక గాభరా మొదలవుతుంది. ప్రశ్నే తప్పు అన్న నిర్ణయానికి వచ్చి, మూడో ఆప్షన్‌ను దిద్దివచ్చిన మంచి విద్యార్థులను నేను చూశాను.

రెండు ‘త’లు వచ్చినప్పుడు చేయవలసిన పని వేరే ఉంది. ఆ రెండింటిలో దేనిని నిజమని సమర్థించడానికి ఎటువంటి ఆధారమూ లేదో చూడాలి. మూడో వాక్యానికి రాజ్యాంగ పాఠమే అండగా ఉంది. దానిపై వచ్చిన వ్యాఖ్యానం ఒక పరిమితిని చేర్చింది, ఆ వాక్యాన్ని రాజ్యాంగం నుంచి తీసివేయలేదు. నాలుగో వాక్యాన్ని సమర్థించడానికి పాఠంలో గాని, తీర్పులో గాని ఏమీ లేదు. జవాబు 4. ప్రశ్నలో ‘సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం’ అన్న మాట ఉంటే మూడో వాక్యాన్ని కొత్తగా తూచాలి; లేనప్పుడు ఆ మాటను మనం చేర్చి చదవకూడదు.

ప్రశ్నార్థకం కూడా పనికివచ్చే గుర్తే. మూడు ఆప్షన్లు నిస్సందేహంగా సరైనవని తేలితే, నాలుగోదాని గురించి ఏమీ తెలియకపోయినా అదే జవాబు. సరైనది ఏది అని అడిగే ప్రశ్నలోనైతే మూడు వాక్యాలు తప్పని తెలియాలి. ఇక్కడ మూడు వాక్యాలు నిజమని తెలిస్తే చాలు. శ్రద్ధగా చదివిన అభ్యర్థికి నిజమైన వాక్యాలే ఎక్కువ గుర్తుంటాయి కాబట్టి, అందరూ భయపడే ఈ రకం ప్రశ్న నిజానికి వారికి అనుకూలమైనది.

అయితే మూడు, ఒకటి అన్న లెక్క కోడ్ ఇచ్చే ప్రశ్నలకు వర్తించదు. ఉభయసభల సంయుక్త సమావేశం గురించి మూడు వాక్యాలు ఇచ్చారనుకుందాం: (ఎ) రాష్ట్రపతి సమావేశపరుస్తారు, (బి) రాజ్యసభ అధ్యక్షుడు అధ్యక్షత వహిస్తారు, (సి) రాజ్యాంగ సవరణ బిల్లులకు ఇది వర్తించదు. వీటిలో సరికానివి ఏవి అని అడిగారు. అధ్యక్షత వహించేది లోక్‌సభ స్పీకర్ కాబట్టి ‘బి మాత్రమే’ అన్నది జవాబు. కాని ఆప్షన్లలో ‘ఎ మరియు సి’ కూడా ఉంటుంది, తరచుగా దానిని మొదటి ఆప్షన్‌గానే ఇస్తారు. సరైన వాక్యాలను సరిగ్గా గుర్తించిన మనిషికి తన లెక్క అచ్చంగా ఆ ఆప్షన్‌లో కనబడుతుంది, ఆ తృప్తితో బబుల్ దిద్దేస్తాడు. ఇటువంటి ప్రశ్నలో సరికాని వాక్యాల అక్షరాలను విడిగా ఒక పక్కన రాసుకుని, ఆ తరువాతే ఆప్షన్లను చూడాలి.

అపోహ: ఆప్షన్‌లో ఉన్న మాట నిజమైతే అది జవాబు అవుతుంది.

ప్రాథమిక కీ మీద వచ్చే అభ్యంతరాల గురించి నా దగ్గర చర్చించేవారిలో ఎక్కువమంది ఇక్కడే పొరబడుతున్నారు. ‘నేను పెట్టినది కూడా నిజమే కదా, సార్’ అంటారు. ‘అత్యంత సముచితమైన’, ‘ఉత్తమంగా వివరించే’ అన్న మాటలు ఉన్న ప్రశ్నలో నిజమైన ఆప్షన్లు రెండు మూడు ఉండవచ్చు. అడిగినదానికి సమాధానం చెప్పేది వాటిలో ఒక్కటే.

భారతదేశాన్ని గణతంత్రం అనడానికి అత్యంత సముచితమైన కారణం ఏది అన్న ప్రశ్నను తీసుకుందాం. ప్రభుత్వాన్ని ప్రజలు ఎన్నుకుంటారు, వయోజనులందరికీ ఓటు హక్కు ఉంది, దేశాధినేత వారసత్వంగా కాక ఎన్నిక ద్వారా వస్తారు, పార్లమెంటుకు రెండు సభలు ఉన్నాయి అని నాలుగు ఆప్షన్లు ఉన్నాయి. నాలుగూ మన దేశం విషయంలో నిజమే, కాబట్టి నిజానిజాలు తేల్చడం వల్ల ఇక్కడ ప్రయోజనం లేదు. అడిగిన లక్షణం లేని ఒక ఉదాహరణను తెచ్చి ప్రతి ఆప్షన్‌నూ దానితో పరీక్షించాలి. బ్రిటన్ గణతంత్రం కాదు. అక్కడ కూడా ఎన్నికలు ఉన్నాయి, వయోజన ఓటు హక్కు ఉంది, పార్లమెంటుకు రెండు సభలు ఉన్నాయి. అక్కడ లేనిది ఎన్నికైన దేశాధినేత ఒక్కటే. గణతంత్రం కాని దేశంలో కూడా కనిపించే లక్షణం గణతంత్రానికి కారణం కాజాలదు కాబట్టి మూడో ఆప్షన్ నిలుస్తుంది. తగిన ఉదాహరణ తట్టనప్పుడు ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ప్రశ్నలోని కీలక పదానికి నిర్వచనాన్ని ముందుగా మన మాటల్లో చెప్పుకుని, దానికి దగ్గరగా ఉన్నదానిని ఎంచుకోవాలి.

మిగిలిన వదంతులు

‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’ అన్న మాటలున్న ఆప్షన్ తప్పని హాస్టల్ గదుల్లో ప్రచారం చేసేవారు దయచేసి ఆపాలి. పైన ద్రవ్య బిల్లు ప్రశ్నలో ‘లోక్‌సభలో మాత్రమే’ అన్నది అక్షరాలా నిజం. రాజ్యాంగంలో అటువంటి కచ్చితమైన నియమాలు అనేకం ఉన్నాయి. పొడవైన ఆప్షన్, మూడో ఆప్షన్ వంటి లెక్కల గురించి నేను సమయం వృథా చేయను.

మొదట పెట్టిన జవాబును మార్చకూడదన్నది మరొకటి. జవాబుల మార్పుపై జరిగిన పరిశోధనల్లో తప్పు నుంచి ఒప్పుకు మారినవే ఎక్కువగా కనిపించాయి. ‘స’, ‘త’ గుర్తులు రాసుకున్నవారికి తిరిగి చూసేటప్పుడు మార్చాలా, వద్దా అన్న సందిగ్ధం కూడా తక్కువ. గుర్తులకూ దిద్దిన బబుల్‌కూ పొంతన ఉన్నదా అని మాత్రమే చూడాలి. పొంతన ఉంటే వదిలేయాలి. ఓఎమ్మార్ మీద ఒకసారి దిద్దినది చెరపలేము కాబట్టి ఈ సరిచూపు దిద్దడానికి ముందే జరగాలి. కంప్యూటర్ పరీక్షలలో తెరపై గుర్తులు పెట్టుకోలేము కనుక, అక్కడ ఇచ్చే రఫ్ కాగితం మీద ప్రశ్న సంఖ్య వేసి, పక్కన నాలుగు గుర్తులను వరుసగా రాసుకోవాలి. సరికానిది అడిగిన ప్రశ్న అయితే ఆ సంఖ్య చుట్టూ ఒక సున్నా చుట్టాలి.