గుక్కెడు నీళ్లు, వెంటనే పడక: మాత్ర మింగడంపై అపోహలు - వాస్తవాలు

"గుటక వేస్తే ఛాతీ మధ్యలో కోసినట్టు ఉంటోంది డాక్టర్‌గారూ. మొన్న సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నాను, పడలేదేమో." గుంటూరులో ఓపీ చూసేవాళ్లెవరికీ ఈ మాట కొత్త కాదు. ఇక్కడ ఛాతీలో ఏ మంట పుట్టినా నింద మిరపకాయ మీదకే పోతుంది. అది కాకపోతే "మందులు వేడి చేశాయి" అంటారు. చిన్నప్పటి నుంచి కారం తింటున్న మనిషికి ఒక్క రాత్రిలో గుటక కష్టమైందంటే ముందు అడగాల్సింది ఏం తిన్నారని కాదు. రాత్రి ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్ని నీళ్లతో వేసుకున్నారు, ఎంతసేపటికి పడుకున్నారు అని అడగాలి.

అపోహ: గొంతు దిగితే మాత్ర కడుపులో పడ్డట్టే

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే. గొంతుకీ కడుపుకీ మధ్య సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక ఉంది. అది నిటారు పైపు కాదు, మెత్తటి కండరపు గొట్టం. ఛాతీ మధ్యలో, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఆనుకునే చోట అది కాస్త నొక్కుకుని ఉంటుంది. మాత్రలు ఎక్కువగా ఆగేది అక్కడే. అన్నం ముద్ద జారిపోతుంది, నీళ్లు జారిపోతాయి. తడి చాలని క్యాప్సూల్ మాత్రం అలా జారదు. దాని పైతొడుగు జెలటిన్. కాస్త తడి తగిలితే జిగురుగా మారి గోడకు అంటుకుంటుంది.

అంటుకున్నంత మాత్రాన పుండు పడదు. లోపలి మందు ఎలాంటిదన్నదే అసలు సంగతి. ఉదాహరణకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నీటిలో కరిగితే గట్టి ఆమ్లంలా పనిచేస్తుంది. అది ఒకే చోట చేరి కరుగుతుంటే లోపలి పొర కాలినట్టు అవుతుంది. మెలకువగా ఉంటే మాటిమాటికీ గుటక వేస్తాం, లాలాజలం దిగి దాన్ని కడుగుతుంది. నిద్రలో గుటకలు బాగా తగ్గిపోతాయి, లాలాజలమూ తగ్గుతుంది. పైగా పడుకుంటే బరువు కిందికి లాగే సాయం కూడా ఉండదు. రాత్రి మాత్ర ప్రమాదకరం అనేది ఇందుకే.

ఒక కేసు చూద్దాం. ముప్పై ఏళ్ల మనిషికి జ్వరం. చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అనుమానంతో డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి రాశారు. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రాత్రి పదకొండింటికి మంచం మీద కూర్చుని, సీసాలో మిగిలిన రెండు గుక్కలతో క్యాప్సూల్ వేసుకుని వాలిపోయాడు. తెల్లవారుజామున ఛాతీ మధ్యలో నొప్పితో మెలకువ వచ్చింది. కాఫీ తాగితే నిప్పు దిగినట్టుంది. సాయంత్రం తిన్న బజ్జీల వల్లే అనుకుని గ్యాస్ మాత్ర వేసుకున్నాడు. రాత్రికి మళ్లీ అదే క్యాప్సూల్, అవే రెండు గుక్కలు. మర్నాటికి ఉమ్మి మింగడానికే భయపడుతున్నాడు.

ఇతనికి "మాత్ర ఇంకా అక్కడే ఇరుక్కుంది" అనిపిస్తుంది. సాధారణంగా అది ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, మిగిలింది పుండు. అందుకే ఇంట్లోవాళ్లు చేపముల్లుకి చేసినట్టు పొడి అన్నం ముద్ద, అరటిపండు మింగిస్తే దిగేదేమీ ఉండదు, పుండు రాచుకుంటుంది అంతే. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక మధ్యభాగంలో పుండు, దాని చుట్టూ మామూలు పొర కనిపిస్తాయి. అయితే మాత్ర, నీళ్లు, పడక, నొప్పి వరస ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అందరికీ ఎండోస్కోపీ అక్కర్లేదు.

వైద్యం కష్టమేమీ కాదు. ముందు ఆ క్యాప్సూల్ ఆగాలి. కానీ స్క్రబ్ టైఫస్‌కి యాంటీబయాటిక్ సొంతంగా మానేస్తే ఇంకో ప్రమాదం. రాసిన డాక్టర్‌కి ఆ రోజే చెప్తే అజిత్రోమైసిన్ లాంటి మరో మందుకో, మింగనవసరం లేని రూపానికో మారుస్తారు. ఆమ్లం తగ్గించే మాత్ర, పుండు మీద పొరలా పరుచుకునే సుక్రాల్‌ఫేట్ సిరప్ రాస్తారు. ఈ సిరప్, గ్యాస్‌కి తాగే తెల్లటి యాంటాసిడ్ మందులు డాక్సీసైక్లిన్‌ని ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకుని అన్నీ ఒకేసారి వేసుకోవద్దు. కొన్ని రోజులు చల్లారిన జావ, మజ్జిగ అన్నం లాంటి మెత్తటివి తినాలి. పొగలు కక్కే కాఫీ, పులుపు, కారం వద్దు. ఈ సెలవు మాత్రం మిరపకాయకి ఇవ్వాల్సిందే. చాలామందికి వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. భయపడకండి, ఇది క్యాన్సర్‌గా మారే పుండు కాదు.

మరి ఎలా మింగాలి?

కూర్చుని గానీ నిలబడి గానీ ముందు ఒక గుక్క నీళ్లు తాగి గొంతు తడుపుకోండి. తర్వాత మాత్ర, దాని వెనకే గ్లాసు నిండా నీళ్లు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు. క్యాప్సూల్ తేలికగా ఉండి నోట్లో నీటిపైన తేలుతుంది. తల వెనక్కి వాలిస్తే అది ముందుకొస్తుంది, అందుకే గడ్డం కాస్త కిందికి దించి మింగండి. ఆ తర్వాత కనీసం అరగంట పడుకోవద్దు. రాత్రి డోసుని నిద్ర వేళకి కాదు, భోజనం వేళకి జరపండి. డాక్సీసైక్లిన్ అన్నంతో వేసుకోవచ్చు. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలు మాత్రం దానికి దూరంగా ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు కొలిచి తాగేవాళ్లు ఈ గ్లాసుని ఆ లెక్కలోనే కలుపుకోవాలి.

మిగతావి గబగబా

"యాంటీబయాటిక్‌కే ఇలా అవుతుంది." కాదు. నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, ఐరన్, పొటాషియం మాత్రలూ ఇదే పని చేస్తాయి. ఎముకల బలానికి వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ విషయంలో మరీ జాగ్రత్త. అది పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతోనే. కాఫీ పనికిరాదు. అరగంట ఆగి, టిఫిన్ తిన్నాకే నడుం వాల్చాలి. "మామ్మా, మంచం మీదే వేసేసుకో" అని నీళ్ల చెంబు అందించే మనవలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మింగుతుంటే నొప్పి మొదలైతే తర్వాతి వారం మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి.

"నలగ్గొట్టి వేసుకుంటే గొడవ లేదు." కొన్నిటికి నిజమే, కానీ నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని, కడుపు దాటాక కరిగే పూత ఉన్నదాన్ని నలిపితే ఆ ఏర్పాటే పోతుంది. సిరప్ దొరుకుతుందా అని అడగడం మేలు.

"మింగితే నొప్పి కదా, గుండెపోటు కాదులే." ఈ ధైర్యం వద్దు. గుటకకి మాత్రమే పెరిగే నొప్పి అన్నవాహికది కావచ్చు. చెమట, ఆయాసం, చెయ్యికో దవడకో పాకే నొప్పి, ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండటం కనిపిస్తే మాత్ర కథ చెప్పుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాలి. రక్తం వాంతి అయినా, ఉమ్మి కూడా దిగకపోయినా, ఛాతీ నొప్పితో జ్వరం పెరిగినా ఆసుపత్రికే. విరేచనం తారులా నల్లగా వచ్చినా అంతే. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకి నలుపు మామూలుగానే వస్తుంది, కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. మందు ఆపిన వారానికీ నొప్పి తగ్గకపోతే, లేదా ముద్ద మింగడమే రోజురోజుకీ కష్టమవుతుంటే, అప్పుడు ఎండోస్కోపీ వాయిదా వేయకూడదు.