ఏ-పట్టీ ఎందుకు కురచ కాదు?

విజయనగరంలో ఇంటర్ జువాలజీ పేపర్లు దిద్దేటప్పుడు నా ఎర్ర పెన్ను ఏటా ఒకే చోట ఆగుతుంది. కండరంలో ముడుచుకునే అతిచిన్న భాగం సార్కోమియర్, దాని నడుమ ముదురుగా కనిపించేది ఏ-పట్టీ. సంకోచించిన సార్కోమియర్ బొమ్మలో పిల్లలు ఆ ఏ-పట్టీని కూడా కురచ చేసేస్తారు. బరువులెత్తేవాళ్లకు పేరుపడ్డ కొండవెలగాడ నుంచి వచ్చే కుర్రాడిని అడిగితే, "బరువు లేపితే కండ మొత్తం ముడుచుకుపోద్ది కదా సార్, లోపలిది ముడుచుకోదా?" అన్నాడు.

వాడిని తప్పుపట్టలేం. 1950ల మొదట్లో శాస్త్రవేత్తలు చాలామంది అనుకున్నదీ అదే: ప్రోటీన్ పోగులు లోలోపల మడతపడి పొట్టివవుతాయని. ఏ-పట్టీ పొడవు మారదని 19వ శతాబ్దంలోనే కొందరు చూశారు గానీ, ఆ సంగతి మరుగున పడిపోయింది.

1954 మే నెలలో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. మామూలు మైక్రోస్కోపులో పట్టీల అంచులు నమ్మకంగా తేలవు కాబట్టి, హక్స్‌లీ ప్రత్యేకంగా తయారుచేసుకున్న ఇంటర్‌ఫెరెన్స్ మైక్రోస్కోపుతో బతికున్న కప్ప కండర తంతువును కొలిచారు. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. కుందేలు కండరం నుంచి వీళ్లు ఉప్పు ద్రావణంతో మయోసిన్ అనే ప్రోటీన్‌ను కడిగేస్తే ఏ-పట్టీ మాయమైంది. అంటే ఆ పట్టీ మయోసిన్ పోగులదే. ఈ ఇద్దరు హక్స్‌లీలు చుట్టాలు కారు. తేల్చింది మాత్రం ఒకటే: పోగులు కురచ కావు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి.

క్లాసులో నేను స్కేలు తీయిస్తాను. ఒక మైక్రోమీటరుకు 5 సెంటీమీటర్లు. మయోసిన్ పోగు 8 సెం.మీ., సార్కోమియర్ చివరన ఉండే జెడ్ గీత నుంచి బయలుదేరే, ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగు 5 సెం.మీ. రెండు జెడ్ గీతల మధ్య 12 సెం.మీ. ఉంటే, ఆక్టిన్ కొసల మధ్య హెచ్ మండలం 2 సెం.మీ. మిగులుతుంది. ఏ-పట్టీకి అటూఇటూ ఐ-పట్టీ సగాలు చెరో 2 సెం.మీ. ఇప్పుడు జెడ్ గీతలను 10 సెం.మీ. దూరానికి లాగండి. హెచ్ మండలం పోయింది, ఐ-పట్టీ సగాలు 1 సెం.మీ.కి తగ్గాయి. ఏ-పట్టీ 8 దగ్గరే ఉంది. స్కేలు పెడితే తప్పు బొమ్మ ఇట్టే దొరికిపోతుంది.

ఆ లాగుడు మయోసిన్ తలలది. ఆక్టిన్ పోగు మీద ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్ అనే రెండు ప్రోటీన్లు ఉంటాయి. కాల్షియం ట్రోపోనిన్‌కు అతుక్కోగానే ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి ఆక్టిన్ మీద చోటు తెరుచుకుంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని విడగొట్టి ముందే బిగిసి ఉన్న తల అక్కడ పట్టుకుని, వంగి లాగుతుంది. కొత్త ఏటీపీ వస్తేనే పట్టు వదులుతుంది. శవం బిగుసుకుపోయేది ఆ ఏటీపీ అందకే.

పట్టుకోవడానికి చోటే లేకపోతే? మన బొమ్మలో 5, 8, 5 కలిపి 18 సెం.మీ.; అంతకు మించి సాగదీస్తే ఆక్టిన్, మయోసిన్ ఒకదాన్నొకటి తాకవు. 1966లో గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ కప్ప తంతువును సాగదీస్తూ బలం కొలిచారు. సార్కోమియర్ 3.65 మైక్రోమీటర్లకు చేరేసరికి, అంటే మన స్కేలులో 18 సెం.మీ. దాటీదాటగానే, బలం దాదాపు సున్నా అయింది.