డేటా లేక్ కావాలా, వేర్‌హౌస్ కావాలా? ముందు మీ వరుసలు లెక్కపెట్టండి

చిన్న సంస్థల వాళ్లు నాకు ఫోన్ చేస్తే మాట దాదాపు ఒకేలా మొదలవుతుంది. "ఎక్సెల్ తెరుచుకోవడం లేదండీ. డేటా పెరిగిపోయింది, డేటా లేక్ పెట్టించుకోమంటున్నారు. కొటేషన్ కూడా వచ్చింది." ఆ కొటేషన్‌లో ఉన్న మొత్తం చూస్తే అడిగినవాళ్లకు నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుస్తుంది. డేటా లేక్ అంటే వచ్చిన డేటానంతా వచ్చిన రూపంలోనే పోసి ఉంచే పెద్ద నిల్వ. వేర్‌హౌస్ అంటే రిపోర్టుల కోసం పట్టికలుగా సర్ది ఉంచే నిల్వ.

కిందటేడు ఇలాగే ఫోన్ చేసినాయనకు పశ్చిమ గోదావరి వైపు ఆరు మందుల షాపులున్నాయి. డేటా లేక్ గురించి నేను వినే అపోహలన్నీ ఆయన పడిన ఇబ్బందిలోనే ఉన్నాయి కాబట్టి ఆ లెక్కనే చెబుతాను.

అపోహ: ఎక్సెల్ ఆగిపోయిందంటే మనది పెద్ద డేటా.

ఒక్కో షాపులో రోజుకు సుమారు 400 బిల్లులు, బిల్లుకు సగటున మూడు ఐటమ్‌లు. ఆరు షాపులకు కలిపి రోజుకు 7,200 వరుసలు. ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576 వరుసలే. అంటే ఐదు నెలలు తిరగకుండానే షీటు నిండుతుంది. ఆయన కంగారు పడింది అక్కడే. అయితే అది ఎక్సెల్‌కున్న హద్దు. ఏడాదికి 26 లక్షల వరుసలు, వరుసకు 200 బైట్లు వేసుకున్నా అర జీబీకి కాస్త ఎక్కువ. ఐదేళ్ల అమ్మకాలు పెన్ డ్రైవ్‌లో ఓ మూల పడి ఉంటాయి. మామూలు కంప్యూటర్ మీద పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ ఈ బరువును సులువుగా మోస్తుంది.

డేటా లేక్ అన్న మాటను 2010లో పెంటాహో సంస్థకు చెందిన జేమ్స్ డిక్సన్ ప్రచారంలోకి తెచ్చారు. అది హడూప్ అనే సాఫ్ట్‌వేర్ రోజుల మాట. ఒక యంత్రంలో పట్టని డేటాను అనేక యంత్రాలకు పంచాల్సి వచ్చిన సంస్థల అవసరం అది. మందుల షాపుల అవసరం కాదు.

అపోహ: అన్నీ ఒకచోట పోస్తే లెక్కలు వాటంతట అవే కలుస్తాయి.

చిన్న సంస్థల డబ్బు ఎక్కువగా మింగేది ఈ నమ్మకమే. మిగిలిన అపోహల వల్ల కొంత పోతుంది, దీనివల్ల ఏడాది పోతుంది.

ఆ యజమాని అసలు బాధ ఎక్సెల్ కూడా కాదు. "బిల్లింగ్ రిపోర్టులో ఒక అమ్మకం, ట్యాలీలో ఇంకో అమ్మకం. ఆడిటర్ గారు అడిగితే ఏది చూపించాలో తెలియడం లేదు" అన్నారు. లేక్ పెడితే రెండూ ఒకటవుతాయని ఆయనకు ఎవరో చెప్పారు. పెట్టేముందు బిల్లింగ్ డేటాబేస్ నకలు తెప్పించుకుని, ఒక్క మందు మీద ఇది నడిపాను:

```sql
SELECT branch, item_name, unit,
       count(*), min(qty), max(qty)
FROM sales
WHERE item_name ILIKE '%para%650%'
GROUP BY branch, item_name, unit;
```

వచ్చిన జాబితాలో ఒకే మాత్ర `PARACETAMOL 650 TAB`, `PARA-650`, `Paracetmol 650` అని మూడు పేర్లతో ఉంది. పేర్ల సంగతి అలా ఉంచండి. రెండు షాపుల్లో 15 మాత్రల స్ట్రిప్పు అమ్మితే పరిమాణం 1 అని కొడుతున్నారు. మిగతా షాపుల్లో లూజు అమ్మకాలు ఎక్కువ కాబట్టి అదే స్ట్రిప్పును 15 అని కొడుతున్నారు. యూనిట్ గడి చాలాచోట్ల ఖాళీ. ఈ రెండింటినీ కూడితే వచ్చేది స్ట్రిప్పుల సంఖ్యా కాదు, మాత్రల సంఖ్యా కాదు. ఆ సంఖ్య చూసి స్టాకిస్టుకు ఆర్డరు పెడుతున్నారు.

అమ్మకం మొత్తంలో తేడా ఇంకోచోట తేలింది. మెయిన్ షాపు నుంచి బ్రాంచికి సరుకు పంపినప్పుడు డెలివరీ చలానా రాయకుండా, కస్టమర్ పేరు దగ్గర `BR-4` అని పెట్టి మామూలు బిల్లు కొట్టేవారు. బ్రాంచిలో అదే సరుకు మళ్లీ అమ్ముడయ్యేది. ఒక స్ట్రిప్పు, రెండు అమ్మకాలు. ట్యాలీలో అకౌంటెంట్ వాటిని తీసేసి, వాపసు వచ్చిన సరుకు కూడా తగ్గించి, జీఎస్టీ లేకుండా చూపిస్తున్నాడు. బిల్లింగ్ రిపోర్టు జీఎస్టీతో కలిసిన మొత్తం చూపిస్తోంది. ఎవరి లెక్క వారిది సరిగ్గానే ఉంది. "అమ్మకం" అంటే ఏది అన్నది మాత్రం ఆ ఆరు షాపుల్లో ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు దీన్ని డేటా లేక్‌లో పోశారనుకోండి. లేక్ వచ్చినదాన్ని వచ్చినట్టే దాచుకుంటుంది, అర్థం చెప్పాల్సింది చదివేటప్పుడే. కాబట్టి 1, 15 అక్కడా పక్కపక్కనే ఉంటాయి. వేర్‌హౌస్ అయితే పట్టికలోకి ఎక్కించే ముందే రూపం అడుగుతుంది, కాబట్టి ఈ ప్రశ్న కాస్త ముందు ఎదురవుతుంది. అంతవరకు అది మేలు. కానీ జవాబు అదీ చెప్పదు. స్ట్రిప్పులో ఎన్ని మాత్రలో తెలిసింది కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి.

మేము చేసిన పని చిన్నదే. రోజూ రాత్రి షాపులు మూశాక ఆరు బిల్లింగ్ డేటాబేసుల నుంచి ఆనాటి వరుసలు ఒకే పోస్ట్‌గ్రెస్‌లోకి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టే ఒక చోట ఉంటాయి, వాటిని ఎవరూ దిద్దరు. పక్కన ఐటమ్ మాస్టర్ పట్టిక: షాపులో ఉన్న పేరు, అసలు పేరు, ప్యాకింగ్, పరిమాణాన్ని మాత్రల్లోకి మార్చే గుణకం. ఈ గుణకం షాపు షాపుకీ వేరుగా ఉంటుంది: ఒకచోట 15, ఒకచోట 1. ఒకే షాపులో రెండు రకాలుగానూ కొట్టిన ఐటమ్‌లు కొన్ని తగిలాయి. అక్కడ బిల్లులో ఆ ఐటమ్ వరుస మొత్తాన్ని పరిమాణంతో భాగించి, వచ్చింది మాత్ర ధరా, స్ట్రిప్పు ధరా అని చూశాం. వచ్చిన వరుసలను ఈ మాస్టర్‌తో కలిపి, బ్రాంచి బదిలీలు తీసేసి, వాపసులు తగ్గించిన పట్టిక మీద నుంచే రిపోర్టులు. మాస్టర్‌లో లేని పేరు వస్తే ఆ వరుస పక్కకు పోయి, పొద్దున్నే మెయిన్ షాపు ఫార్మసిస్టుకు జాబితాగా కనిపిస్తుంది. ఎక్కువ రోజులు పట్టింది ఆ పట్టిక నింపడానికి. కోడు రాయడానికి కాదు.

దీన్ని వేర్‌హౌస్ అనాలా అని అడిగితే, అనుకోండి, నాకు అభ్యంతరం లేదు. నెలనెలా బిల్లు వచ్చే వేర్‌హౌస్ సర్వీసు మాత్రం వాళ్లకు అక్కర్లేదు.

మిగతావి గబగబా.

"రిపోర్టులు బిల్లింగ్ డేటాబేస్ మీదే నడిపితే సరిపోతుంది కదా." సాయంత్రం ఏడింటికి కౌంటర్ ముందు జనం ఉన్నప్పుడు ఏడాది రిపోర్టు నడిపి చూడండి, బిల్లు ఎంతసేపటికి వస్తుందో. నకలు వేరుగా ఉండాలి.

"లేక్ చవక." నిల్వ చవకే. దాన్ని నిర్వహించే మనిషి జీతం కొటేషన్‌లో రాయరు.

"ఎప్పటికైనా పనికొస్తాయి, అన్నీ దాచేద్దాం." ప్రిస్క్రిప్షన్ ఫోటోలు, కస్టమర్ల ఫోన్ నంబర్లు కూడానా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సంగతి మీ న్యాయవాదిని అడిగాక మాట్లాడదాం.

"సెన్సర్లు పెడుతున్నాం, ఇక లేక్ తప్పదు." ఈ మాట ఆ షాపుల యజమానే మొన్న అన్నారు. ఇన్సులిన్, టీకాలు ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, అందుకని ఆరు ఫ్రిజ్‌లకు నిమిషానికోసారి రీడింగ్ తీసే పరికరాలు పెట్టిస్తున్నారు. లెక్క కట్టి చూపించాను. ఏడాదికి 31,53,600 వరుసలు, ఒక్కో దానిలో ఫ్రిజ్ నంబరు, సమయం, ఉష్ణోగ్రత, అంతే. అదే పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో పట్టిక చేశాం. ఆయన అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: రాత్రి రెండింటికి కరెంటు పోయి ఫ్రిజ్ 11 డిగ్రీలకు చేరితే ఫోన్ ఎవరికి మోగాలి? ఆ నంబరు ఇంకా ఇవ్వలేదు.